సార్టెక్స్ మిషన్ వాళ్లకు వద్దని ఎట్లా చెప్పాలి

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు సగం మాటలు మిల్లు చప్పుడులోనే పోయాయి. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. నాకు అర్థమైంది ఇది. మీ రైస్ మిల్లులో బియ్యంలోంచి నల్ల గింజలు ఏరే సార్టెక్స్ మిషన్‌కు హైదరాబాద్ కంపెనీ ఆయన ఇచ్చిన కొటేషన్ వద్దనుకున్నావు. కరీంనగర్‌లో సర్వీస్ మనిషి ఉన్న రెండో కంపెనీ మిషన్ తీసుకుంటున్నావు. మొదటాయన ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశాడు. మీ బాపేమో "చూద్దాం అని ఊకో, వాళ్లే అర్థం చేసుకుంటరు" అంటున్నాడు. నీకేమో మనసు ఒప్పుతలేదు.

నీ మనసే కరెక్టు. మీ బాపు మొహమాటంతో అంటున్నాడు తప్ప ఆయన మాటలో చెడు లేదు. కానీ అమ్మేవాళ్లకు "చూద్దాం" అంటే వద్దు అని కాదు, ఇంకో నాలుగుసార్లు అడగమని. ఆయన నీ పేరు ఈ నెల లిస్టులో రాసుకుంటాడు, తన మేనేజరుకు చెబుతాడు. దీపావళి తర్వాత వానాకాలం వడ్లు దిగుతాయి. ఆ లోపల బిగించాలి కాబట్టి నీకోసం ఒక మిషన్ ఆపి కూడా పెట్టవచ్చు. ఆ ఆశ పెట్టింది నువ్వే అవుతావు.

ఈ తప్పు నేనే చేశాను. జిన్నింగు మిల్లులో పర్చేజ్ చూసే రోజుల్లో బేళ్లు కట్టే ప్రెస్సుకు హైడ్రాలిక్ పంపు కావాల్సి వచ్చింది. ఒక చిన్న వర్క్‌షాపాయనతో "దాదాపు మీదే అనుకోండి" అన్నాను. ఆ మాట నమ్ముకుని ఆయన సామాను కొన్నాడు. పది రోజులకు మా యజమాని వేరే చోట ఆర్డరిచ్చాడు. నేను ఆ వర్క్‌షాపాయన ఫోన్లు ఎత్తడం మానేశాను. రెండేళ్లకు పత్తి సీజన్ నడుమ పంపు సీలు పోయింది. ఆ సైజు సీలు ఆ చుట్టుపక్కల ఆయన దగ్గరే ఉంది. ఈసారి ఆయన నా ఫోన్ ఎత్తలేదు. ప్రెస్సు రెండు రోజులు ఆగింది. ఇప్పటికీ ఆ పెద్దమనిషి ముఖం గుర్తొస్తే నాకు బాధే.

ఇక నీ సంగతి. మొట్టమొదట ఒక క్రమం పాటించు. రెండో కంపెనీకి పర్చేజ్ ఆర్డరు ఇచ్చి, అడ్వాన్సు అందిందని, ఫలానా తేదీకి మిషన్ పంపుతామని వాళ్లు రాసిచ్చేదాకా మొదటాయనకు వద్దని చెప్పకు. వాళ్లు చివరి నిమిషంలో మాట మారిస్తే నీ దగ్గర ఏమీ మిగలదు. నువ్వు ఒకసారి వద్దన్న తర్వాత పాత కొటేషన్ ధరకే ఇవ్వాలని ఆయన మీద బాధ్యత ఏమీ ఉండదు, గడువు ఇంకా మిగిలి ఉన్నా సరే. కానీ రెండో వాళ్ల కాగితం చేతికి వచ్చిన రోజే ఇటు చెప్పెయ్యాలి. ఇంకో వారం ఆపడంలో నీకు లాభం లేదు, ఆయనకు నష్టం ఉంది. నెలాఖరు లోపల చెబితే మరీ మంచిది, తన టార్గెట్ లెక్కలోంచి నీ మిల్లును తీసేసుకుంటాడు.

తర్వాత, కారణం. ఇక్కడే చాలామంది జారిపోతారు. "మీ ధర ఎక్కువైంది" అనడం అన్నిటికన్నా సులువు, అందుకే నోటికి అదే వస్తుంది. నీ విషయంలో అది నిజం కాదు. ఆయన 26 లక్షలు చెప్పాడు, రెండో వాళ్లది అంతకంటే కొంచెం ఎక్కువే. నువ్వు ధర అంటే గంటలో మళ్లీ ఫోన్ చేసి లక్షన్నర తగ్గిస్తానంటాడు. అప్పుడేమంటావు? ఇంకో సాకు వెతకాలి. కారణం చెప్పే ముందు నిన్ను నువ్వు ఒక్క ప్రశ్న అడుగు: ఇది ఆయన సరిచేస్తే నేను కొంటానా? కొనను అంటే అది కారణం కాదు, సాకు.

నీ అసలు కారణం సర్వీసు. నువ్వు చెప్పిన దాంట్లో నాకు బాగా నచ్చింది అదే. సార్టెక్స్‌లో కెమెరా నల్ల గింజను పట్టుకోగానే సన్నటి గాలి దెబ్బ దాన్ని పక్కకు తోస్తుంది. కంప్రెసర్ గాలిలో తేమ, నూనె వస్తే ఆ గాలి వదిలే వాల్వులు మూసుకుపోతాయి. ఒక్క వాల్వు పనిచేయకపోయినా ఆ దారిలో నల్ల గింజలు మంచి బియ్యంలోకే పోతాయి. పైకి మిషన్ నడుస్తున్నట్టే ఉంటుంది. సర్కారు వడ్లు ఆడించి తిరిగిచ్చే సీఎంఆర్ బియ్యం గోదాము దగ్గర పరీక్షలో వెనక్కి పంపితేనే మనకు తెలుస్తుంది. అట్లాంటప్పుడు హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద మనిషి రావడానికి నాలుగు గంటలు, స్పేరు లేకపోతే ఇంకో రోజు. కరీంనగర్ మనిషి సుల్తానాబాద్‌కు ముప్పావు గంటలో వస్తాడు. 24 గంటల్లో మనిషిని పంపుతామని రాసివ్వమని నువ్వు రెండుసార్లు అడిగావు. ఆయన "తొందరగానే పంపిస్తాం మేడం" అన్నాడే తప్ప రాసివ్వలేదు. ఇది నిజం, ఇది ఆయన సరిచేసుకోగలిగిందే. ఇదొక్కటే చెప్పు. రంగు, సైజు, కరెంటు లోడు అని నాలుగు కలిపితే ఆయన ఒక్కొక్కటీ విప్పుతూ కూర్చుంటాడు.

రెండో కంపెనీ పేరు గానీ, వాళ్ల ధర గానీ ఆయనకు చెప్పకు. ఈయన ధర వాళ్లకూ చెప్పకు. వాళ్లతో ఇంకో పదివేలు తగ్గించడానికి ఈయన కొటేషన్ చూపించాలని మీ మునీము అన్నాడట కదా, వద్దు. మన దగ్గర కాగితం పెడితే పక్కవాడికి పోతుందని తెలిస్తే తర్వాత ఎవరూ మనకు నిజం ధర వెయ్యరు. అట్లాగే ఆయన ఇంజనీరు వచ్చి ఎలివేటరు ఎక్కడ, బిన్ను ఎక్కడ అని లేఅవుట్ గీసిచ్చాడన్నావు. అది ఆయన కష్టం. దాన్ని రెండో కంపెనీ వాళ్లకు ఇస్తే పని సులువే, కానీ ఇవ్వొద్దు. కొలతలు వాళ్లనే తీసుకోమను. ఆ డ్రాయింగు ఈయనకు తిరిగి పంపించు.

ఫోన్ నువ్వే చెయ్యి. మునీముతో చెప్పించకు, మెసేజి పెట్టి ఊరుకోకు. మిల్లుకు వచ్చి, మన ఉప్పుడు బియ్యం రెండు క్వింటాళ్లు తీసుకుపోయి ట్రయల్ వేసి చూపించిన మనిషి ఆయన. ఫోన్లో మొదటి నిమిషంలోనే అసలు మాట రావాలి. యోగక్షేమాలు, వర్షాలు, వడ్ల ధరలు మాట్లాడి ఐదో నిమిషంలో వద్దంటే ఆ ఐదు నిమిషాలూ మోసంలాగా ఉంటాయి. ఇట్లా అను: "నమస్తే సార్. సార్టెక్స్ విషయం మేమొక నిర్ణయానికి వచ్చినం. ఈసారి మీ మిషన్ తీసుకుంటలేము, వేరే చోట ఆర్డర్ ఇచ్చినం. మీ ట్రయల్ మంచిగ వచ్చింది, మిషన్‌లో లోపం లేదు. 24 గంటల సర్వీస్ రాతపూర్వకంగా లేదు, అదొక్కటే కారణం." ఇంత చెప్పి ఆగు. ఆయన ఒక క్షణం మౌనంగా ఉంటాడు. ఆ మౌనాన్ని భరించలేకనే మనం "అయినా చూద్దాం లెండి" అనేస్తాం. అనకు.

ఆయన అప్పుడే "సరే మేడం, 24 గంటలు రాసిస్తా" అనవచ్చు. సంతోషించు, కానీ ఆర్డరు ఇచ్చేసిన సంగతి మళ్లీ చెప్పు. "ఇది ఇప్పటికి ఆలస్యమైంది సార్, తర్వాతి మిషన్‌కు తప్పకుండా పనికొస్తది" అంటే చాలు. ఆయన మేనేజరు మళ్లీ ఫోన్ చేసినా, మీకు తెలిసిన పెద్దమనిషితో చెప్పించినా, అవే మాటలు అదే వరసలో చెప్పు. మాట మారిందా, అక్కడ సందు ఉందని అనుకుంటారు.

ఫోన్ అయిన రోజే ఈమెయిల్ పంపు. ఆయన తన ఆఫీసులో చూపించుకోవడానికి కాగితం కావాలి, నీకూ రికార్డు ఉంటుంది. నేనైతే ఇట్లా రాస్తాను:

"నమస్కారం. మా రైస్ మిల్లుకు కలర్ సార్టర్ కోసం మీరిచ్చిన కొటేషన్ (నంబరు, తేదీ) పరిశీలించాము. ఈ మిషన్‌ను మీ దగ్గర తీసుకోవడం లేదని తెలియజేస్తున్నాము. మా ఉప్పుడు బియ్యంతో మీరు వేసి చూపించిన ట్రయల్ ఫలితం మాకు తృప్తిగానే ఉంది. సీజన్‌లో 24 గంటల్లోపు సర్వీస్ ఇంజనీరు వస్తారనే హామీ రాతపూర్వకంగా లేకపోవడం మా నిర్ణయానికి కారణం. మీరిచ్చిన లేఅవుట్ డ్రాయింగును కొరియర్‌లో తిరిగి పంపుతున్నాము, దాని కాపీ మా దగ్గర ఉంచుకోలేదు. కరీంనగర్ లేదా పెద్దపల్లి జిల్లాలో మీరు సర్వీస్ మనిషిని ఏర్పాటు చేసినప్పుడు మాకు తెలియజేయండి. మా మిల్లుకు తర్వాత ఏ సార్టింగ్ మిషన్‌కు కొటేషన్లు పిలిచినా మిమ్మల్ని కూడా అడుగుతాము. మీరు, మీ ఇంజనీరు గారు మా మిల్లుకు వచ్చి చూసినందుకు కృతజ్ఞతలు."

ఇందులో "ప్రస్తుతానికి" అన్న మాట లేదని గమనించు. ఆ మాట చూస్తే వచ్చే నెల మళ్లీ అడగొచ్చని అనుకుంటారు. తలుపు తెరిచే ఉంచాలంటే ఎప్పుడు, ఏ షరతు మీద రావచ్చో చెప్పాలి. ఇంకొకటి, "తర్వాతి ఆర్డరు మీకే" అని రాయలేదు, "మిమ్మల్ని కూడా అడుగుతాము" అని మాత్రమే రాశాను. మీ బాపు రెండో లైను వేద్దామంటున్నాడు కదా, అది ఈ లెటర్లో రాయాలని నీకు అనిపిస్తుంది. అది ఇంకా ఇంట్లోనే తేలలేదు. తేలని దాన్ని ఆశగా చూపించకు.

తర్వాత ఒక చిన్న పని. ఆయన కొటేషన్, ట్రయల్ రిజెక్షన్ లెక్క, వద్దన్న కారణం, ఫోన్ చేసిన తేదీ ఒకే ఫైల్లో పెట్టు. ఫైలు పైన ఆయన పేరు రాయి. రెండేళ్ల తర్వాత కొటేషన్లు పిలిచినప్పుడు ఆ ఫైలు తీసి ఆయనకు నిజంగానే ఫోన్ చేయాలి. అడుగుతామని రాసి అడగకపోతే ఈ లెటరంతా అబద్ధమైపోతుంది.

రెండో వాళ్ల కాగితం సోమవారం వస్తుందన్నావు కదా. మంగళవారం పొద్దున పదింటికి, మిల్లు ఆఫీసులో తలుపు వేసుకుని ఫోన్ చెయ్యి. ఈమెయిల్ పంపే ముందు నాకొకసారి చదివి వినిపించు. మీ బాపుతో నేను మాట్లాడతాను.

నీ పెద్దబాపు,
హన్మకొండ