ఫోటోలోని ప్రశ్నకు రెండు ఆప్షన్లూ సరైనవే అనిపిస్తే ఏం అనుకున్నామో ఎలా రాయాలి?

ప్రశ్న: మా తమ్ముడు ఇంటర్ ఫిజిక్స్ మోడల్ పేపర్ ఫోటో తీసి పంపాడు. "2 μF కెపాసిటర్‌ను 12 V బ్యాటరీతో చార్జ్ చేసి, పలకల మధ్య K = 3 గల డైఎలక్ట్రిక్ పూర్తిగా నింపితే నిల్వ ఉండే శక్తి ఎంత?" ఆప్షన్లలో 48 μJ ఉంది, 432 μJ కూడా ఉంది. లెక్క రెండు రకాలుగానూ వస్తోంది. వాడికి ఏది చెప్పాలి?

జవాబు: లెక్క మొదలుపెట్టే ముందు పేజీ మొత్తం మళ్లీ ఫోటో తీసి పంపమనండి. పుస్తకం మడత దగ్గర వరుస చివరి మాట వంగి కనిపించకుండా పోతుంది. ఈ ప్రశ్నలో "బ్యాటరీని తొలగించి" అన్న రెండు మాటలు అలా పోతే చాలు, జవాబు తొమ్మిది రెట్లు మారుతుంది. పేపర్‌ను బల్ల మీద చదునుగా పెట్టి, పైనుంచి నేరుగా తీయాలి. ప్రశ్నకు పైన ఉన్న సూచన, పక్కన ఇంగ్లిష్ పాఠం ఉంటే అదీ ఫ్రేములోకి రావాలి. నీట్ లాంటి పరీక్షల్లో అనువాదంలో సందిగ్ధం ఉంటే ఇంగ్లిష్ పాఠాన్నే ప్రమాణంగా తీసుకుంటారు కాబట్టి, తెలుగు మీడియం వాళ్లు ఆ వరుస వదిలేయకూడదు.

కొత్త ఫోటోలోనూ అంతే ఉంటే, అప్పుడది నిజంగా అసంపూర్ణమైన ప్రశ్న. తేడా వస్తున్నది ఒక్కచోటే: డైఎలక్ట్రిక్ పెట్టేటప్పుడు బ్యాటరీ ఉందా, లేదా?

మొదట చార్జ్ అయినప్పుడు Q = CV = 24 μC, శక్తి ½CV² = 144 μJ. డైఎలక్ట్రిక్ పెట్టాక C = 6 μF. ఇంతవరకూ రెండు దారులూ ఒకటే. బ్యాటరీ కలిపే ఉంటే V మారదు, అది 12 V దగ్గరే నిలుస్తుంది; శక్తి ½ × 6 × 144 = 432 μJ. బ్యాటరీ తీసేస్తే చార్జ్ ఎక్కడికీ పోలేదు కాబట్టి Q మారదు; శక్తి Q²/2C = 576/12 = 48 μJ. తగ్గిన 96 μJ ఏమైందని తమ్ముడు తప్పక అడుగుతాడు. డైఎలక్ట్రిక్‌ను పలకల మధ్య క్షేత్రమే లోపలికి లాక్కుంటుంది. ఆ పనికి పోయిన శక్తి అది.

జవాబును ఇలా రాసి పంపండి:

"బ్యాటరీ తీసేశారో లేదో ప్రశ్నలో లేదు. 'చార్జ్ చేసి' అన్న మాటను బట్టి, చార్జింగ్ అయ్యాక తీసేశారని అనుకుంటున్నాను. అప్పుడు Q స్థిరం, జవాబు 48 μJ. బ్యాటరీ కలిపే ఉందని పేపర్‌లో ఎక్కడైనా ఉంటే V స్థిరం, జవాబు 432 μJ."

ఇందులో నాలుగు సంగతులున్నాయి: ఏ మాట లేదు, ఏం అనుకున్నాను, ఎందుకలా అనుకున్నాను, ఏం కనిపిస్తే జవాబు మారుతుంది. మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. కారణం లేకుండా "అనుకుంటే" అని రాస్తే, కావాల్సిన జవాబు ముందే ఎంచుకుని దానికి తగ్గట్టు రాసినట్టు ఉంటుంది. ఇక్కడి కారణం బలమైనదేమీ కాదు, "చార్జ్ చేసి" అంటే తీసేసినట్టే అని ఖాయంగా చెప్పలేం. అందుకే రెండో జవాబును కూడా పక్కనే ఉంచాలి.

"తీగల నిరోధం లేదనుకుంటే", "అంచుల ప్రభావం వదిలేస్తే" అని పొడవైన జాబితా పెట్టకండి. మారిస్తే ఆప్షన్ మారేదే రాయదగినది. మిగతావి రాస్తే అసలు విషయం వాటి కింద మరుగునపడుతుంది.

అలాగే ప్రశ్నలో ఉన్న మాటను కాదనే ఊహ చెల్లదు. 2024 నీట్‌లో ఇదే వచ్చింది. "ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవి, అవి తమ లక్షణ వర్ణపటాన్ని వెలువరిస్తాయి" అనే అర్థంలో ఒక వాక్యం ఇచ్చారు. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో "ప్రతి" అనే ఉంది, కొత్తదాంట్లో "చాలా మూలకాల" అని మార్చారు. ఎన్‌టీఏ మొదట రెండు ఆప్షన్లకూ మార్కులిచ్చింది. సుప్రీంకోర్టు అడిగితే ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒక్క ఆప్షనే సరైనదని తేల్చారు, ఆ వాక్యం తప్పన్నదే ఆ ఆప్షన్. రేడియోధార్మిక మూలకాలు ఉన్నాక "ప్రతి" అన్నది నిలబడదు. కెపాసిటర్ ప్రశ్నలో మాట లేదు, ఇక్కడ మాట ఉంది. ఉన్నప్పుడు దాన్ని అక్షరాలా చదవాలి, పాత పుస్తకం నుంచి ఊహ తెచ్చుకోకూడదు.

ఓఎంఆర్ షీట్ మీద ఇవేవీ రాసే చోటు ఉండదు, ఒక్క గడే నింపాలి. కాబట్టి ప్రశ్న నంబరూ, లేని మాటా, రెండు లెక్కలూ ఇంటికొచ్చాక రాసి పెట్టుకోమనండి. ప్రాథమిక కీ మీద అభ్యంతరం పెట్టేటప్పుడు ఆ నాలుగు వాక్యాలే కావాలి.