ఒకేలా కనిపించే రెండు ఆప్షన్లు: ఖాళీలో పెట్టి చివరి క్రియ దాకా చదవాలి

ప్రశ్న: టెట్ తెలుగులో ఖాళీలు పూరించే ప్రశ్నలకు రెండు ఆప్షన్లు సులువుగానే తీసేస్తాను. మిగిలిన రెండూ ఒకేలా కనిపిస్తాయి, చివరికి తప్పుదే పెడతాను. ఎలా తేల్చుకోవాలి?

ఆ రెండు పదాలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం ముందుగా మానేయండి. ఒక్కొక్కదాన్నీ ఖాళీలో ఉంచి, వాక్యాన్ని మొదటి పదం నుంచి చివరి క్రియ వరకు, పెదవులు కదుపుతూ, పూర్తిగా చదవండి. విడిగా చూసినప్పుడు ఒకటే అనిపించే పదాలు వాక్యంలోకి వెళ్ళాక వేరువేరు పనులు చేస్తాయి. ఆ పనిలో ఉన్న తేడానే పరీక్ష పెట్టేవారు అడుగుతారు. చాలాకాలం ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాడిగా ఈ మాట గట్టిగానే చెప్పగలను.

మా మేనకోడలు టెట్‌కు చదువుకుంటున్న రోజుల్లో ఒక నమూనా ప్రశ్నపత్రం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అందులో ఈ వాక్యం ఉంది: "ఆంధ్ర మహాభారతంలోని ఆది, సభా పర్వాలు నన్నయ ____ రచింపబడ్డాయి." ఇచ్చిన ఆప్షన్లు చేత, తో, వలన, కొరకు. ఆమె మొదటి రెండింటినీ పెన్సిలుతో కొట్టేసి, వలన, కొరకు అనే రెండింటి మధ్య ఊగిసలాడుతోంది. ఎందుకు కొట్టేశావమ్మా అని అడిగితే, "చేత, తో రెండూ తృతీయా విభక్తే కదా మావయ్యా. ఒకే అర్థమిచ్చేవి రెండుంటే రెండూ తప్పే అయి ఉంటాయని కోచింగ్‌లో చెప్పారు" అంది. సరైన సమాధానాన్ని మొదటి వేటులోనే తీసేసిందన్నమాట. ఆమెకు విభక్తులన్నీ కంఠస్థమే. డు ము వు లు మొదలుకొని ఓ ఓరి ఓయి ఓసి దాకా తడబడకుండా అప్పజెప్పగలదు. ఆ పట్టికలో ఒకే వరుసలో ఉన్నవన్నీ ఒకే పని చేస్తాయని అనుకోవడమే ఆమెను పక్కదారి పట్టించింది. విభక్తి ప్రత్యయాలను వాక్యాలలో చూపించకుండా వరుసగా వల్లె వేయించే బోధన మీద నాకు మొదటినుంచీ అభ్యంతరం ఉంది. అలా నేర్చుకున్న పిల్లలకు పట్టిక వస్తుంది కానీ ప్రత్యయం ఏ పనికి వస్తుందో తెలియదు.

నాలుగింటినీ ఒక్కొక్కటిగా ఖాళీలో పెట్టి చదవమన్నాను. "నన్నయతో రచింపబడ్డాయి" అనగానే తనే ఆగిపోయింది. "రచింపబడ్డాయి" అన్న కర్మణి క్రియ ఆ పని చేసిన కర్త ఎవరని అడుగుతుంది. ఆ కర్తకు చేరేది చేత, చే అన్న ప్రత్యయాలే గాని తో కాదు. "నన్నయ వలన రచింపబడ్డాయి" అని చదివినప్పుడు వాక్యం విరిగిపోలేదు గాని ఇబ్బందిగా నడిచింది. "వర్షం వలన పంట పాడైంది" అన్నట్లుగా వలన కారణాన్ని చెబుతుంది. నన్నయ కారణమైతే రాసినవారు మరొకరెవరో ఉండాలి. "నన్నయ చేత రచింపబడ్డాయి" అన్నప్పుడు వాక్యం ఎక్కడా తడబడలేదు.

మిగిలింది కొరకు. "నన్నయ కొరకు రచింపబడ్డాయి" అన్న వాక్యంలో వ్యాకరణ దోషం ఏదీ లేదు. చెవికి కూడా ఎక్కడా అడ్డం తగలదు. దాన్ని తోసిపుచ్చేది విషయ పరిజ్ఞానం ఒక్కటే. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని కోరికపై నన్నయ ఆ రచనకు పూనుకున్నాడు. కనుక ఆ పర్వాలు రాజు కోసం రాసినవే గాని నన్నయ కోసం ఇంకొకరు రాసినవి కావు. ఖాళీలో పెట్టి చదవడం వాక్యంలో ఇమడని పదాన్ని పట్టిస్తుందే తప్ప, ఇమిడిన ప్రతి పదమూ సరైనదని రుజువు చేయదు. అందుకే చదివిన తర్వాత "ఈ వాక్యం చెప్పిన సంగతి నిజమేనా" అని మనల్ని మనం మరొకసారి ప్రశ్నించుకోవాలి.

ఇక రెండు పదాలూ నిజంగా ఒకటేనా అన్న సందేహానికి నేను ఆమెకు చెప్పిన పద్ధతి ఇది. రెండింటినీ ప్రశ్నలోని వాక్యంలోనే గాక, మన సొంత వాక్యాలు రెండు మూడింటిలో కూడా పెట్టి చూడాలి. "సీత రామునితో అడవికి వెళ్ళింది" అన్న వాక్యంలో తో తీసి చేత పెడితే వాక్యం చెడిపోతుంది. "రావణుడు రాముని చేత చంపబడ్డాడు" అన్న దానిలో చేత తీసి తో పెడితే అదీ చెడిపోతుంది. ఒకదాని చోట మరొకటి నిలవడం లేదు గనుక అవి ఒకే అర్థమిచ్చే జంట కాదు. కర్తకు చేత, తోడు వెళ్ళినవారికి తో అన్న తేడా అక్కడే బయటపడింది. ఇలాంటి జంట కనిపించినప్పుడు రెండింటినీ కొట్టేయకండి. ప్రశ్న తయారుచేసినవారు ఆ తేడాను అడగడానికే వాటిని పక్కపక్కన ఉంచారని, సమాధానం తరచుగా వాటిలోనే ఉంటుందని నా నమ్మకం.

కోచింగ్‌లో చెప్పిన సూత్రం పూర్తిగా తప్పని నేను అనడం లేదు, దానికి చెల్లే చోటు వేరు. "హైదరాబాదుకు వరంగల్లు ____ ఉంది" అని అడిగి, ఈశాన్యాన, పడమట, పశ్చిమాన, దక్షిణాన అని ఇచ్చారనుకోండి. పడమట, పశ్చిమాన అన్నవి ఏ వాక్యంలో పెట్టినా ఒకే దిక్కును చెబుతాయి. ఒకటి ఒప్పయితే రెండోదీ ఒప్పు కావాలి, సరైన సమాధానం ఒక్కటే గనుక రెండూ పోతాయి. పటం చూడనివారికి కూడా సగం పని అక్కడే పూర్తవుతుంది. అయితే నాలుగో ఆప్షన్‌గా "పై రెండూ సరైనవే" వంటిది ఉంటే ఈ తర్కం చెల్లదు. అందుకని కొట్టివేత మొదలుపెట్టక ముందే నాలుగు ఆప్షన్లనూ చదవాలి.

వాక్యాన్ని చివరి దాకా చదవాలని పట్టుబట్టడానికి కారణం మన భాష నిర్మాణంలోనే ఉంది. తెలుగులో ప్రధాన క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ఖాళీ మధ్యలో ఉంటుంది. తొందరలో ఉన్న అభ్యర్థి ఖాళీ వరకు చదివి, నచ్చిన పదం పెట్టి, ముందుకు వెళ్ళిపోతాడు. ఈ వాక్యాన్ని చూడండి: "వానలు సకాలంలో ____ ఆ ఏడు పంటలు పండలేదు." ఆప్షన్లు కురిస్తే, కురిసినా, కురిసి, కురుస్తూ. ఖాళీ దగ్గర ఆగితే నాలుగూ బాగానే ఉన్నట్లు ఉంటాయి. ముఖ్యంగా కురిస్తే, కురిసినా రెండూ ఒకేలా తోస్తాయి. చివరి "పండలేదు" దాకా వెళితే, జరగవలసినది జరిగినా ఫలితం రాలేదన్న వ్యతిరేకత కనిపిస్తుంది, అది కురిసినా అన్న అప్యర్థకానికే పొసగుతుంది. ఇప్పుడు చివరి పదాన్ని "పండేవి" అని మార్చండి. సమాధానం కురిస్తే అన్న చేదర్థకం అవుతుంది, ఎందుకంటే వానలు కురవనే లేదని, కురిసి ఉంటే పండేవని ఆ వాక్యం చెబుతోంది. "పండాయి" అని మార్చితే కురిసి చక్కగా కుదురుతుంది. ఖాళీకి ముందున్న మాటలు మూడు వాక్యాలలోనూ అవే, సమాధానం మాత్రం మూడుసార్లూ మారింది.

ఇక్కడ వ్యాకరణ సూత్రాన్ని మాత్రమే నమ్ముకున్నవారికి ఒక చిక్కు ఉంది. కురిసి వంటి క్త్వార్థకానికీ ప్రధాన క్రియకూ కర్త ఒక్కటే ఉండాలని పుస్తకాలలో ఉంటుంది. కురిసినవి వానలు, పండినవి పంటలు, కర్తలు వేరు. ఆ లెక్కన "వానలు కురిసి పంటలు పండాయి" అన్నది తప్పు కావాలి, కాని తెలుగువారెవరూ దాన్ని తప్పనరు. ఒకటి మరొకదానికి కారణమైనప్పుడు మన భాష ఆ నియమాన్ని సడలిస్తుంది. కురుస్తూ విషయంలో అలా సడలించదు, "వానలు కురుస్తూ పంటలు పండాయి" అంటే వెంటనే ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. ఈ సూక్ష్మం సూత్రంతో తేలదు, చదివి వింటేనే తేలుతుంది.

చదివినా తేలని సందర్భాలు కొన్ని ఉంటాయి. "రైతు కొడవలి ____ వరి కోశాడు" అన్న వాక్యానికి చేత, తో రెండూ ఇస్తే ఏం చేయాలి? పనిముట్టును చెప్పేటప్పుడు రెండు ప్రత్యయాలూ చెల్లుతాయి. అప్పుడు వాక్యం ఏ శైలిలో ఉందో గమనించాలి. "కోశాడు" అన్నది నేటి వ్యవహార భాష గనుక తో సహజంగా ఇముడుతుంది. అదే "కోసెను" అని ఉండి, తక్కిన పదాలు కూడా గ్రాంథికంగా ఉంటే చేత వైపు మొగ్గవచ్చు. ఇలాంటి ప్రశ్నలు ఆలోచన లేకుండా తయారుచేసిన నమూనా పత్రాలలోనే నాకు ఎక్కువగా కనిపించాయి. సమాధానాల కీలో ఒక అంకె వేసి, కారణం ఒక్క వాక్యమైనా రాయకుండా వదిలేస్తారు. పిల్లలు ఆ అంకెను నమ్మి, తమ చెవి సరిగ్గా చెప్పిన దాన్ని తప్పనుకుంటారు. కారణం రాయని కీ ఉన్న పుస్తకాన్ని కొనవద్దని మా మేనకోడలికి చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.

పరీక్ష గదిలో ఇదంతా సాధ్యమా అన్న అనుమానం మీకు రావచ్చు. 150 నిమిషాలలో 150 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. పది పదాల వాక్యాన్ని రెండుసార్లు చదవడానికి పావు నిమిషం చాలు, అదీ చివరికి మిగిలిన రెండు ఆప్షన్లకే. కంప్యూటర్ తెర మీద ఆప్షన్లను కొట్టేయడానికి వీలుండదు కాబట్టి రఫ్ కాగితం మీద 1, 2, 3, 4 అని వేసుకుని, తీసేసిన అంకెను అడ్డంగా గీసేయండి. లేకపోతే తీసేసినదే మళ్ళీ కంటికి ఒప్పుగా కనిపించి, చదివిన చదువు వృథా అవుతుంది. టెట్‌లో తప్పు సమాధానానికి మార్కులు కోయరు గనుక, రెండింటి మధ్య ఎంతకీ తేలకపోతే వాక్యంలో తడబాటు లేకుండా నడిచినదాన్ని గుర్తించి తర్వాతి ప్రశ్నకు వెళ్ళండి. ఆ ప్రశ్న సంఖ్యను మాత్రం గుర్తుంచుకోండి. ప్రాథమిక కీ వచ్చినప్పుడు అభ్యంతరాలు తీసుకుంటారు, రెండు ఆప్షన్లూ వాక్యంలో సమానంగా నిలుస్తున్నాయని ఉదాహరణలతో రాసి పంపే అవకాశం అప్పుడు ఉంటుంది.