పొందూరు పంచె మీద తుప్పు మరక: నిమ్మకాయా, మందు సీసానా?

ప్రశ్న: తెల్ల బట్టల మీద పడిన తుప్పు మరకలు నిమ్మరసం, ఉప్పుతో పోతాయా? లేకపోతే బజారులో అమ్మే తుప్పు మరకల మందు కొనాల్సిందేనా?

మరక చిన్నదై, పడి పది పదిహేను రోజులు దాటకపోతే నిమ్మకాయ చాలు. పాతబడి, నేత లోపలికి దిగిపోయిన మరక అయితే నిమ్మకాయ సగం దూరమే తీసుకువెళ్తుంది, మిగతా సగానికి ఆక్సాలిక్ ఆమ్లం కావాలి. ఈ రెండింటికంటే ముందు మీ చేయి బ్లీచ్ సీసా మీదకు పోకుండా చూసుకోండి. నేను ఈ మూడూ వాడి చూశాను, మూడోదానికి మూల్యం కూడా చెల్లించాను.

మా మామగారికి పొందూరు ఖద్దరు పంచె ఒకటి ఉండేది. పెళ్ళిళ్ళకూ, శ్రాద్ధ కర్మలకూ తప్ప దానిని బయటకు తీసేవారు కాదు. ఒక వర్షాకాలమంతా అది ఇనుప ట్రంకు పెట్టెలో, అడుగున కాగితమైనా పరచకుండా ఉండిపోయింది. పైగా మడత విడిపోకూడదని ఎవరో దానికి పిన్నీసు గుచ్చి పెట్టారు. కార్తీక మాసంలో తీసి చూస్తే పిన్నీసు దగ్గర బఠాణీ గింజంత మరకలు రెండు, పెట్టె అడుగుకు తగిలిన మడత మీద అరచేయంత మరక ఒకటి కనిపించాయి. “పోనీలేమ్మా, ఇంట్లో కట్టుకుంటాను” అని మామగారు అన్నారు గానీ, ఆ మాట ఆయన ఎంత బాధతో అన్నారో నాకు అర్థమైంది.

ముందుగా పంచెను మామూలు నీళ్ళలో జాడించి గంజి అంతా పోగొట్టాను. గంజి, సబ్బు ఉన్న బట్ట మీద నిమ్మరసం సరిగా పనిచేయదు, ఎందుకంటే సబ్బు క్షారం నిమ్మలోని పులుపును ముందే మింగేస్తుంది. తరువాత మరక కింద మడిచిన పాత తువ్వాలు పెట్టి, రెండు నిమ్మకాయల రసాన్ని వడగట్టి, అందులో అర చెంచా ఉప్పు కలిపి, మరక తడిసేంతవరకూ వేశాను. రంగు అంచుకు మాత్రం రసం తగలనివ్వలేదు. తరువాత పంచెను ఎండలో పరిచి, ఆరిపోతున్నట్లు కనిపించినప్పుడల్లా, అంటే పావుగంటకోసారి, మళ్ళీ రసం వేశాను. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రసం వేసి, ఎండలో పెట్టి, సాయంత్రం చూద్దాంలే అని వెళ్ళిపోతారు. రసం ఆరిపోతే పని ఆగిపోవడమే కాదు, గడ్డకట్టిన ఆమ్లం నూలు మీదే కూర్చుంటుంది.

ఎండకు ఇందులో పెద్ద పాత్రే ఉంది. తుప్పులోని ఇనుమును నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం పట్టుకుంటుంది. ఆ పట్టులో ఉన్న ఇనుము వెలుతురు తగిలితే నీళ్ళలో సులువుగా కరిగే రూపానికి మారుతుంది, అప్పుడు జాడిస్తే పోతుంది. ఉప్పు చేసేది కొద్దిగా రుద్దుడు సాయమే గానీ అంతకు మించి లేదని నా అభిప్రాయం. మా వంటింట్లో ఉప్పు అయిపోయిన రోజున కూడా ఇదే ఫలితం వచ్చింది.

పిన్నీసు మరకలు రెండూ ఆ మధ్యాహ్నమే మాయమయ్యాయి. పెద్ద మరక మాత్రం మూడు రోజులు, మూడు విడతలు వేసినా లేత పసుపు నీడగా మిగిలి, ఇక కదలనంది. నాలుగోసారి వేసినా తేడా కనిపించకపోతే నిమ్మకాయ పని అంతటితో అయిపోయినట్లే, ఆపైన రుద్దితే నేత దెబ్బతింటుందే తప్ప మరక పోదు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పుకోవాలి. వీడియోలలో నిమ్మరసం మీద వంటసోడా వేసి బుసబుసమని పొంగు చూపించి, చూశారా మరక కరుగుతోంది అంటారు. ఆ పొంగు, పులుపు ఖర్చైపోతున్న గుర్తు. పొంగు ఆగేసరికి మీ చేతిలో మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళవంటి ద్రావణమే.

పెద్ద మరక కోసం తుప్పు మందు అడిగితే ఒక దుకాణదారు చిన్న సీసా ఒకటి ఇచ్చాడు. దాని మీద బట్ట బొమ్మ, ధర తప్ప లోపల ఏముందో రాయలేదు. లోపలిది తెలియని సీసాను నేను కొనను. అమెరికాలో ఉన్న మా వాళ్ళు బట్టలకు వాడే తుప్పు మందులలో కొన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం జాతివి. అవి చర్మానికి తగిలినప్పుడు మంట ఆలస్యంగా తెలుస్తుంది, అప్పటికే లోపల గాయమై ఉంటుంది. అందుకే నేను పాలరాతి నేల పాలిష్ చేసేవారు కొనుక్కునే రసాయనాల దుకాణానికి వెళ్ళి, ఆక్సాలిక్ ఆమ్లం పొడి కొనుక్కొచ్చాను.

ప్లాస్టిక్ తొట్టిలో అర లీటరు గోరువెచ్చని నీళ్ళు పోసి, ఒక చెంచా పొడి కలిపి, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, మరక ఉన్న భాగాన్ని మాత్రమే ముంచాను. మా బోరు నీళ్ళు వాడితే ఆ ద్రావణం తెల్లగా కలకబారిపోతుంది, ఎందుకంటే నీళ్ళలోని సున్నం ఆమ్లంతో కలిసి పొడిగా దిగుతుంది. అందుకని వడపోసిన తాగునీళ్ళు వాడాను. పది నిమిషాలకు పసుపు నీడ పలచబడింది, పన్నెండో నిమిషానికి ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. వెంటనే తీసి మూడు నీళ్ళలో జాడించి, చిటికెడు వంటసోడా కలిపిన నీళ్ళలో ఒకసారి ముంచి, మళ్ళీ జాడించాను. వంటసోడాకు చోటు ఇదే, చివరన, మిగిలిన ఆమ్లాన్ని చంపడానికి. ఆమ్లం మిగిలిన నూలు మీద వేడి ఇస్త్రీ పెడితే అక్కడ దారం పెళుసుబారి, కొన్నాళ్ళకు చిరుగుతుంది. ఆ పొడి విషం గనుక పిల్లలకు అందనిచోట, పేరు రాసి ఉంచండి. వంటపాత్రలలో కలపకండి, బ్లీచ్‌తో అసలే కలపకండి, విషవాయువు వస్తుంది.

బ్లీచ్ సంగతి చివరికి మిగిల్చాను. అంతకు ఏడాది ముందు మా అబ్బాయి తెల్ల స్కూలు చొక్కాకు దండెం తీగ తుప్పు అంటితే, బ్లీచ్ పోస్తే ఏ మరకైనా పోతుందన్న మూఢనమ్మకంతో గంటసేపు నానబెట్టాను. మరక తేలిక కావలసింది పోయి ముదురు రంగుకు తిరిగింది. బ్లీచ్ తుప్పును కరిగించదు, పైగా ఇనుము ఉన్నచోట అది నూలును మరింత వేగంగా తినేస్తుంది. రెండు మూడు ఉతుకులకు మరక ఉన్న చోటే, సరిగ్గా మరక ఆకారంలోనే, చొక్కాకు చిల్లు పడింది.

ఆ చొక్కా ఇప్పుడు మా ఇంట్లో కిటికీలు తుడిచే గుడ్డ. పంచె మాత్రం మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్ళికి మామగారు కట్టుకున్నారు. ట్రంకు పెట్టెలో ఇప్పుడు అడుగున మందపాటి దుప్పటి పరిచి ఉంటుంది, పిన్నీసులు మాత్రం ఇంట్లో ఎవరు ఎక్కడ వదిలినా నేనే వెతికి తీస్తాను.