గవర్నమెంట్ వాల్యూ 30 లక్షలు, బేరం 48 లక్షలు: రిజిస్ట్రేషన్ ఖర్చు దేని మీద?

"హన్మకొండలో 160 గజాల పాత ఇల్లు 48 లక్షలకు మాట్లాడుకున్నాం. గవర్నమెంట్ వాల్యూ 30 లక్షలే ఉంటుందని, దాని మీద రెండు లక్షల పాతిక వేలు కడితే చాలని డాక్యుమెంట్ రైటర్ అంటున్నాడు. ఇది సరైన లెక్కేనా? ముందే నేనెలా చూసుకోవాలి?"

డాక్యుమెంట్ రైటర్ వేసిన గుణకారం సరైనదే. వేయాల్సిన అంకె మాత్రం అది కాదు. మీరు నిజంగా ఇచ్చే ధర, గవర్నమెంట్ వాల్యూ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద డ్యూటీ కట్టాలి. గవర్నమెంట్ వాల్యూ అనేది అంతకంటే కిందికి దిగకూడదని పెట్టిన కనీస హద్దు మాత్రమే. మీ ధర దానికంటే పైన ఉంది కాబట్టి లెక్క 48 లక్షల మీదే.

తెలంగాణలో 2021 జూలై 22 వరకు మొత్తం 6 శాతం ఉండేది. ఆ రోజు నుంచి 7.5 శాతమైంది. నేను 2023లో కట్టిందీ అదే. ఇందులో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. మీకు ఇవి వరుసగా 2,64,000, 72,000, 24,000 అవుతాయి. మొత్తం 3,60,000. యూజర్ ఛార్జీలు, మ్యుటేషన్ ఫీజు వేరే. రైటర్ ఫీజు ఇంకా వేరే, అది చలాన్‌లో కనిపించదు. చలాన్‌లో లేని ప్రతి రూపాయీ దేనికని అడగండి.

30 లక్షలకే రాయించుకుంటే 1,35,000 మిగులుతుంది కదా అని మీకూ అనిపిస్తుంది. నాకూ మా రైటర్ ఇదే చెప్పాడు: "ఏం కాదన్నా, అందరూ ఇట్లనే రాయించుకుంటరు." అది చట్టానికి విరుద్ధమన్న సంగతి అలా ఉంచి, మీ జేబు కోణం నుంచే చూడండి. మిగతా 18 లక్షలు నగదుగా చేతులు మారాలి. అంత నగదు తీసుకున్న అమ్మేవాళ్లకు, దొరికితే తీసుకున్నంత మొత్తమూ పెనాల్టీ పడవచ్చు. మీ నష్టం తర్వాత తెలుస్తుంది. కొన్నేళ్లకు ఆ ఇంటిని 60 లక్షలకు, పూర్తిగా తెల్లలెక్కలో అమ్మారనుకోండి. మీ కొనుగోలు ధర కాగితం మీద 30 లక్షలే కాబట్టి లాభం 12 లక్షలు కాదు, 30 లక్షలని లెక్కేస్తారు. అదనంగా కనిపించే ఆ 18 లక్షల మీద 12.5 శాతం చొప్పున పన్ను 2,25,000. ఈ రోజు మిగిలిన 1,35,000 కంటే అది ఎక్కువే. బ్యాంకు లోన్ తీసుకుంటున్నట్లయితే, డీడ్‌లో 30 లక్షలే ఉంటే లోన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఇక మీరు అసలు పట్టించుకోవాల్సింది ఆ "30 లక్షలు" అన్న అంకెనే. అది ఎక్కడి నుంచి వచ్చిందో రైటర్‌ను అడిగారా? నేను అడగలేదు, అక్కడే దెబ్బతిన్నాను.

పాత ఇంటికి వాల్యూ రెండు ముక్కలుగా కడతారు. స్థలానికి గజం లెక్కన, కట్టడానికి చదరపు అడుగు లెక్కన. స్లాబా, రేకులా, ఎన్నో అంతస్తు అన్నదాన్ని బట్టి కట్టడం రేటు మారుతుంది. మా ఇల్లు మెయిన్ రోడ్డు వెనక గల్లీలో 150 గజాలు, 900 అడుగుల స్లాబు ఇల్లు. ధర 42 లక్షలు. లెక్క తేలికగా ఉండటానికి రేట్లను కాస్త సర్ది చెబుతున్నాను, మీ వీధి రేట్లు వేరేగా ఉంటాయి. గజానికి 12,000 చొప్పున స్థలం 18 లక్షలు, అడుగుకు 1,000 చొప్పున ఇల్లు 9 లక్షలు, కలిపి 27 లక్షలు. మా ధర అంతకంటే చాలా పైన ఉంది కాబట్టి 42 లక్షల మీద 3,15,000 కట్టి, నిశ్చింతగా ఆఫీసుకు వెళ్లాను.

కంప్యూటర్‌లో మా డోర్ నంబర్ కొట్టగానే వాల్యూ 45 లక్షలు వచ్చింది. కారణం ఏమిటంటే, మా స్థలం ఒకప్పుడు ముందున్న రోడ్డు ఇంటిలో భాగం. విడగొట్టాక మాకు అదే నంబరుకు చివర ఒక అక్షరం చేర్చి ఇచ్చారు. ముందు ఇంట్లో దుకాణాలున్నాయి. అందుకని ఆ డోర్ నంబర్‌ను కమర్షియల్ జాబితాలో పెట్టారు. రేటు గజానికి 24,000. వార్డు, బ్లాకు మొత్తానికి ఉండే మామూలు రేటు ఒకటి, రోడ్డు మీది డోర్ నంబర్లకు విడిగా రాసే రేటు ఇంకొకటి. మా రైటర్ మొదటిదే చూశాడు. స్థలం 36, ఇల్లు 9, కలిపి 45 లక్షలు. దాని మీద 3,37,500. తేడా 22,500.

గల్లీ ఇల్లని, కింద ఒక్క షట్టర్ కూడా లేదని చెప్పి ఇంటి పన్ను రసీదు చూపించాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు కానీ, జాబితాలో ఉన్న రేటును కౌంటర్ దగ్గర మార్చే వీలు లేదన్నారు. దారులు రెండే. తేడా కట్టి రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోవడం ఒకటి. లేదంటే స్టాంప్ చట్టం 47-ఏ కింద డాక్యుమెంట్‌ను పెండింగ్‌లో పెట్టించి, జిల్లా రిజిస్ట్రార్‌కు పంపించమనడం. ఆ రెండో దారికి తక్కువ పడిన డ్యూటీలో సగం ముందే డిపాజిట్ చేయాలి. ఆపై ఆయన తేల్చేదాకా డాక్యుమెంట్ చేతికి రాదు. అమ్మేవాళ్లు కరీంనగర్ నుంచి వచ్చి కూర్చున్నారు, బ్యాంకు చెక్కు సిద్ధంగా ఉంది. తేడా కట్టేశాను. లక్షల్లో ఉంటే మాత్రం పెండింగ్ పెట్టించేవాణ్నే.

మరో మూడు లక్షలు ఎక్కువ వచ్చి ఉంటే తలనొప్పి ఇంకోలా ఉండేది. ఇచ్చిన ధర కంటే గవర్నమెంట్ వాల్యూ 10 శాతం దాటి ఎక్కువైతే, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఆ తేడాను కొన్నవాళ్ల ఆదాయం కింద చూస్తారు. అమ్మినవాళ్లకు కూడా లాభాన్ని ఆ పెద్ద అంకె మీదే కడతారు. మాకు 46,20,000 దాకా వెసులుబాటు ఉంది కాబట్టి 45 లక్షల దగ్గర బయటపడ్డాం.

రికార్డుల్లో గవర్నమెంట్ వాల్యూనే మార్కెట్ వాల్యూ అంటారు. కాబట్టి మీరు registration.telangana.gov.in లో Market Value Search తెరిచి ఏరియా రేటుతో ఆగకుండా డోర్ నంబర్ పెట్టి కూడా వెతకండి. నంబర్ చివర /A లాంటిది ఉంటే, అది తీసేసిన అసలు నంబరును కూడా చూడండి. కమర్షియల్ అని వస్తే బయానా ఇవ్వకముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మార్కెట్ వాల్యూ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. ఇల్లు ఎన్ని అడుగులో కూడా మీరే కొలిపించుకోండి. మా డ్రాఫ్ట్‌లో పాత పన్ను రసీదు చూసి 650 అని రాశారు, వెనక గది లెక్కలో లేదు.

అగ్రిమెంట్ తేదీ నాటి వాల్యూ ఖాయమైపోతుందని అనుకోకండి. 2022 ఫిబ్రవరి 1న వాల్యూలు పెంచినప్పుడు, అంతకుముందే అగ్రిమెంట్ రాసుకున్నవాళ్లు కూడా కొత్త వాల్యూల ప్రకారమే కట్టారు. మీ 48 లక్షలకు, 30 లక్షలకు మధ్య చాలా ఎడం ఉంది కాబట్టి రేటు కొంచెం పెరిగినా మీకు తేడా రాదు. ఆ డోర్ నంబర్ కమర్షియల్‌లో ఉంటే మాత్రం 160 గజాల మీద లెక్క ఎక్కడికి పోతుందో ఈ రోజే వేసి చూడండి.