ల్యాప్‌టాప్ కొన్న మర్నాడే అనుమానం ఎందుకు మొదలవుతుంది?

ప్రశ్న: ఎంబీఏ క్లాసులో కొనుగోలు నిర్ణయానికి ఐదు దశలుంటాయని చెప్పారు. నిజంగా మనుషులు అలా కొంటారా? నిన్ననే ల్యాప్‌టాప్ కొన్నాను, అప్పుడే వేరేది తీసుకోవాల్సిందేమో అనిపిస్తోంది. ఇది కూడా ఆ దశల్లో భాగమేనా?

అవును, భాగమే. ఐదో దశలో, అంటే కొన్న తర్వాత, చాలామందికి ముందుగా ఎదురయ్యేది అదే. కానీ దాని మూలం మూడో దశలో, అంటే రెండు మోడళ్లను పోల్చి చూసుకున్న చోట ఉంటుంది. నేను కొన్నేళ్లు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనందరం సీటీసీ అంటామే, అక్కడ ల్యాప్‌టాప్‌లు అమ్మాను. తర్వాత మా చెల్లికి ఒకటి కొనిపెట్టాను. ఆ కొనుగోలునే ఉదాహరణగా తీసుకుంటాను.

చెల్లి డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో డేటా అనలిటిక్స్ కోర్సులో చేరింది. ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. అంతకుముందు దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. కోర్సు మొదలయ్యాక బ్రౌజర్, పైథాన్, క్లాసు వీడియో మూడూ ఒకేసారి తెరిస్తే బిగుసుకుపోయేది. ల్యాప్‌టాప్ పాతదే, దాంతో చేయాల్సిన పని పెరిగింది. ఉన్న స్థితికీ కావాల్సిన స్థితికీ మధ్య వచ్చిన ఈ తేడానే మొదటి దశలో అవసరం గుర్తించడం అంటారు. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే సరిపోతుందా అని కూడా చూశాం. త్వరగా ఆన్ అవుతుంది గానీ ర్యామ్ కొరత తీరదు. ఆ మోడల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, పెంచడానికి వీల్లేదు. కాబట్టి కొత్తది కొనక తప్పలేదు.

రెండో దశ సమాచార సేకరణ. యూట్యూబ్ రివ్యూలు, కోర్సు సీనియర్లు, ఒకట్రెండు షాపులు, అంతే. చూసినవాటిలో చాలా మోడళ్ల పేర్లు కూడా గుర్తుండవు, చివరికి మనసులో నిలిచేవి రెండో మూడో. మాకు రెండు నిలిచాయి. రెండూ 60,000 రూపాయలకు కాస్త అటూ ఇటూ.

మొదటిది 1.4 కిలోలు, 16 జీబీ ర్యామ్, రంగులు బాగా చూపించే స్క్రీన్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. రెండోది గేమింగ్ మోడల్. 2.3 కిలోలు, 8 జీబీ ర్యామ్, పెంచుకోవడానికి ఒక ఖాళీ స్లాట్, మంచి గ్రాఫిక్స్ కార్డు, కానీ వెలిసిపోయినట్టుండే స్క్రీన్. స్పెసిఫికేషన్లలో 45% ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే అది అలాంటి స్క్రీనే అని అర్థం. పక్కన మంచి స్క్రీన్ పెట్టి ఒకే ఫొటో రెండింట్లో తెరిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

చెల్లి రోజూ ఎల్బీనగర్ నుంచి మెట్రోలో నిలబడి అమీర్‌పేట వెళ్తుంది. అందుకని కాగితం మీద పది పాయింట్లు పంచమన్నాను. ర్యామ్‌కి 3, బరువుకి 3, స్క్రీన్‌కి 2, గ్రాఫిక్స్‌కి 2 ఇచ్చింది. తర్వాత ఒక్కో మోడల్‌కి ఒక్కో అంశంలో అయిదుకి మార్కులు వేసింది. మొదటిదానికి వరసగా 5, 5, 4, 1. రెండోదానికి 3, 2, 2, 5. గుణించి కూడితే మొదటిదానికి 40, రెండోదానికి 29 వచ్చాయి. అప్పుడు తనకి సందేహపడాల్సిన అవసరమే కనిపించలేదు.

నాలుగో దశ కొనడం. కొనాలని నిశ్చయించుకున్నాక కూడా పక్కవాళ్ల మాట, అనుకోని పరిస్థితి ఈ రెండూ మనసు మార్చగలవు. మేం కౌంటర్ దగ్గరుండగానే మా బావ ఫోన్ చేసి "గేమింగ్‌దైతే అన్నిటికీ పనికొస్తుంది కదరా" అన్నాడు. పైగా కార్డు ఆఫర్ కూడా గేమింగ్ మోడల్ మీదే ఉంది. చెల్లి ఆ కాగితం తీసి మరోసారి చూసుకుని మొదటిదే తీసుకుంది.

అయినా అనుమానం రానే వచ్చింది. "అన్నా, మా ఫ్రెండ్ అదే డబ్బుకి గ్రాఫిక్స్ కార్డున్నది కొనుక్కుంది. మనం కూడా అదే తీసుకోవాల్సిందా?" అని అడిగింది. కాగితం మళ్లీ తెరిచి గ్రాఫిక్స్‌కి 2 బదులు 4 వేసి, ర్యామ్, బరువుల్లో ఒక్కో పాయింట్ తగ్గించి చూపించాను. అవే మార్కులు, కానీ ఇప్పుడు మనదానికి 32, ఫ్రెండ్ కొన్నదానికి 34. రెండు ల్యాప్‌టాప్‌లలో ఏమీ మారలేదు. ఏది ముఖ్యం అన్నది మారింది. మీకు నిన్నటి నుంచి జరుగుతున్నదీ బహుశా ఇదే.

దీన్ని మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింజర్ 1957లో కాగ్నిటివ్ డిసొనెన్స్ అన్నాడు. మన ఎంపిక సరైందేనన్న నమ్మకం ఒకపక్క, వదిలేసినదానిలోని మంచి గుణాలు మరోపక్క, ఈ రెండూ పొసగక మనసుకు కలిగే ఇబ్బంది అది. డబ్బు ఎక్కువ పెట్టినప్పుడు, వెనక్కి ఇవ్వడం కష్టమైనప్పుడు, వదిలేసినది కూడా బాగున్నప్పుడు ఎక్కువగా వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఈ మూడూ ఉంటాయి. ఉప్పు ప్యాకెట్ కొంటే ఇలా ఉండదు. అదే ఏడాది అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొత్త కారు కొన్నవాళ్లు, కొందామా అని చూసి వదిలేసిన కార్ల ప్రకటనలకన్నా తాము కొన్న కారు ప్రకటనలనే ఎక్కువగా చదివినట్టు తేలింది. షాపులో మేమూ ఇది చూసేవాళ్లం. కొన్న మర్నాడే వచ్చి "ఇది మంచిదే కదండీ?" అని అడిగేవాళ్లకు కావాల్సింది చాలాసార్లు భరోసానే, రిపేరు కాదు.

అలాగని ప్రతి అనుమానాన్నీ మనసు ఇబ్బందే అని కొట్టిపారేయకూడదు. నేను వాడే పరీక్ష ఒకటుంది: వేరే ల్యాప్‌టాప్ పేరెత్తకుండా మీ ఫిర్యాదు చెప్పగలరా? "వాడిదాంట్లో ఉంది, నాదాంట్లో లేదు" అంటే అది డిసొనెన్స్. "చార్జింగ్ రెండు గంటల్లో అయిపోతోంది", "స్క్రీన్ మీద ఒక చుక్క వెలగట్లేదు" అంటే అది వస్తువులో లోపం కావచ్చు, వెంటనే చూసుకోవాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది టైప్ చేయండి:

```
powercfg /batteryreport
```

ఫైలు ఎక్కడ దాచిందో అక్కడే చూపిస్తుంది, బ్రౌజర్‌లో తెరవండి. కొత్తదైతే FULL CHARGE CAPACITY అంకె DESIGN CAPACITYకి దగ్గరగా ఉండాలి. CYCLE COUNT కనిపిస్తే అది బాగా చిన్న అంకె అయి ఉండాలి. అక్కడ పదుల్లో కనిపిస్తే అది షోరూమ్‌లో డెమోకి పెట్టిందో, ఎవరో వాడి తిరిగిచ్చిందో అయ్యుండొచ్చని అనుమానించాల్సిందే.

చెల్లి ల్యాప్‌టాప్ రిపోర్టు బాగానే ఉంది. ఇక గ్రాఫిక్స్ సంగతి. తన కోర్సులో ఉన్న పాండాస్, పవర్ బీఐ పనులకు ప్రాసెసర్, ర్యామ్ ముఖ్యం. ఎప్పుడైనా డీప్ లెర్నింగ్ చేయాల్సి వస్తే గూగుల్ కోల్యాబ్‌లో పరిమితంగా ఉచిత జీపీయూ దొరుకుతుంది. అదే తను త్రీడీ యానిమేషన్‌లో చేరి ఉంటే గ్రాఫిక్స్‌కి 4 వేయడమే సరైన లెక్క అయ్యేది, అనుమానం కూడా న్యాయమైనదే అయ్యేది.

మీరు కూడా కొనకముందు దేనికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారో గుర్తు తెచ్చుకుని రాసుకోండి. ఆ తర్వాత మీరు చేసే పని ఏమైనా మారిందా, లేక ఎవరి మాటో విన్నారా చూడండి. బ్యాటరీ రిపోర్టు మాత్రం ఈరోజే తీయండి. తేడా కనిపిస్తే, బిల్లు మీది సీరియల్ నంబరు ల్యాప్‌టాప్ అడుగున ఉన్నదానితో సరిపోల్చుకుని, షాపువాళ్లు ఇచ్చిన రీప్లేస్‌మెంట్ గడువు దాటకముందే బాక్సుతో సహా వెళ్లండి.