వాళ్ల నాన్న సంతకం లేకుండా బాబుకు పాస్‌పోర్ట్

"విడాకులు కాలేదు, కస్టడీ కేసు నడుస్తోంది. బాబును సెలవుల్లో దుబాయ్‌లో మా అన్న దగ్గరికి తీసుకెళ్దామంటే ఆయన సంతకం పెట్టనంటున్నాడు."

అక్కా, పిల్లల పాస్‌పోర్ట్ దరఖాస్తుతో తల్లిదండ్రులు ఇచ్చే డిక్లరేషన్ ఫారం ఉంటుంది: ఇద్దరూ ఒప్పుకుంటే అనెక్షర్ డి, ఒకరు ఒప్పుకోకపోతే అనెక్షర్ సి. సంతకం ఎందుకు లేదో అందులో ఉన్నదున్నట్టు రాయండి: "ఫలానా తేదీ నుంచి విడిగా ఉంటున్నాం, అడిగితే నిరాకరించారు". కేసు సంగతి మాత్రం దాచొద్దు, తర్వాత బయటపడితే పాస్‌పోర్ట్ జప్తు చేయొచ్చు.

మీకు కేసు ఉంది కాబట్టి, ఆఫీసువాళ్లు కోర్టు ఆర్డర్ అడిగే అవకాశం ఎక్కువ. అందుకే వరంగల్‌లో పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రానికి వెళ్లేముందే, కేసున్న కోర్టులోనే పిటిషన్ వేయించండి. అందులో పాస్‌పోర్ట్ ఒక్కటే అడిగి ఊరుకుంటే ప్రయాణం దగ్గర మళ్లీ గొడవే, పాస్‌పోర్ట్, దుబాయ్ తీసుకెళ్లడానికి అనుమతి రెండూ కలిపి అడగమని మీ లాయర్‌కు చెప్పండి. వెళ్లే తేదీ, వచ్చే తేదీ, మీ అన్న అడ్రస్, జూన్‌లో బడి తెరిచేలోపు తిరుగు టికెట్ చూపించండి, ఎందుకంటే పిల్లాణ్ని అక్కడే ఉంచేస్తారన్నదే వాళ్ల లాయర్ మొదటి మాట.