కాలమ్ హైడ్ చేసినంత మాత్రాన ఆధార్ నంబర్లు దాగవు

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర హైస్కూలు. పిల్లల వివరాలు సొంత జీమెయిల్ డ్రైవ్‌లో పెట్టకూడదని, ఆధార్, బ్యాంకు ఖాతా ఉన్న షీటు లింకు ఎవరికీ పంపకూడదని మా హెచ్ఎం సర్క్యులర్ ఇచ్చారు. ఆ కాలమ్స్ హైడ్ చేసి మార్కుల షీటు లింకు తల్లిదండ్రుల గ్రూపులో పెడితే సరిపోదా?

జవాబు: సరిపోదండి. మీ హెచ్ఎం గారు చెప్పినట్టే చేయండి.

నేను తిరుపతిలో ఒక స్కూల్లో కంప్యూటర్ పనులు చూస్తుంటాను. తెలిసిన ఇంకో స్కూల్లో అచ్చం మీరు అడిగినట్టే చేశారు. తొమ్మిదో తరగతి షీటులో ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా కాలమ్స్ హైడ్ చేసి, చూడటానికి మాత్రమే అనుమతి ఇచ్చి, లింకు గ్రూపులో పెట్టారు. ఒక పిల్లవాడి అన్న `File` లోకి వెళ్లి `Make a copy` నొక్కాడు. ఆ కాపీ అతనిదే కాబట్టి, దాంట్లో దాచిన కాలమ్స్ తెరవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్లాసులో అందరి నంబర్లూ కనిపించాయి. అతను మంచివాడు, వెంటనే టీచరుకి ఫోన్ చేశాడు. లింకు ఆపేశారు కానీ, అప్పటికే ఎవరైనా కాపీ తీసుకుని ఉంటే దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అందుకే షీట్లు రెండుగా విడదీయండి. వేరే ఫైలుగా కొత్త షీటు తెరిచి రోల్ నంబరు, మార్కులు మాత్రమే అందులో పేస్ట్ చేయండి. పాత షీటులో కాలమ్ తీసేసి దాన్నే వాడొద్దు. ఎడిట్ అనుమతి ఉన్నవాళ్లు `Version history` తెరిస్తే తీసేసిందంతా మళ్లీ వస్తుంది. ఆధార్, బ్యాంకు వివరాలున్న రెండో షీటు స్కూలు అకౌంట్‌లోనే ఉండాలి. `Share` లో `General access` అన్నచోట `Restricted` ఉంచి, హెచ్ఎం గారినీ క్లాస్ టీచర్నీ మాత్రం పేరుపేరునా చేర్చండి. రెండు షీట్లలోనూ రోల్ నంబరు ఉంటే, కావలసినప్పుడు పోల్చుకోవచ్చు.

పెట్టాక ఒక్కసారి పరీక్షించండి. రెండో షీటు లింకుని బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. లాగిన్ అడిగితే సరే. నేరుగా షీటు కనిపించిందా, లింకు దొరికిన ఎవరికైనా కనిపిస్తుంది. చాలాసార్లు కారణం ఫోల్డరే. ఫోల్డర్ని అందరికీ షేర్ చేసి ఉంటే, తర్వాత దాంట్లో వేసిన ఫైలుకీ అదే అనుమతి వచ్చేస్తుంది.

సొంత జీమెయిల్ వద్దనడం కూడా టీచర్ల మీద అనుమానంతో కాదు. మీకు బదిలీ అయితే ఫైళ్లు మీ అకౌంట్‌లోనే ఉండిపోతాయి, కొత్త టీచరు మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, కాబట్టి పదో తరగతి వాళ్లకీ ఇదే పద్ధతి. తల్లిదండ్రులకి మార్కులు తెలియాలంటే, ఎవరి బిడ్డవి వాళ్లకే విడిగా మెసేజ్ పంపండి. పని కాస్త ఎక్కువే, కానీ ఒకరి మార్కులు ఇంకొకరు చూడాల్సిన అవసరం కూడా లేదు కదండీ.